ఒకే బరువు, తగ్గిన నడుము: ఏడు నెలల కొలతల కేస్ స్టడీ

ఈ కేసు హైదరాబాద్‌లో నా దగ్గర వ్యాయామ శిక్షణ తీసుకున్న ఒక మహిళది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఉద్యోగ వివరాలు, కుటుంబ వివరాలు వదిలేశాను, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు సంగతులు మార్చాను. కొలతలు మాత్రం మా పుస్తకంలో ఉన్నవే. బరువు, టేపు కొలత, ఫొటో, ఎత్తిన బరువుల లెక్క ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించిన రెండు సందర్భాలు ఈ కేసులో వచ్చాయి. ఆ రెండు చోట్లా ఏ కొలతను ఎంతవరకు నమ్మామో, ఎందుకు నమ్మామో వివరంగా రాయడానికే ఈ వ్యాసం.

నేపథ్యం

ఆమెకు నలభై ఏళ్లకు దగ్గర వయసు. పగలంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, ఆఫీసుకు వెళ్లిరావడానికి రోజుకు దాదాపు రెండు గంటల క్యాబ్ ప్రయాణం. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలకు కాస్త పైన. వార్షిక పరీక్షల్లో రక్తంలో చక్కెర హద్దుకు దగ్గరగా వచ్చిందని, బరువు తగ్గమని డాక్టరు చెప్పడంతో జూన్ మొదటి వారంలో నా దగ్గరకు వచ్చారు. అంతకుముందు రెండేళ్లలో మూడుసార్లు అన్నం మానేసి, సాయంత్రం నడక పెట్టుకుని నాలుగైదు కిలోలు తగ్గారు, మూడుసార్లూ ఆ బరువు తిరిగి వచ్చింది.

వారానికి మూడు రోజులు బరువులతో వ్యాయామం, మిగిలిన రోజుల్లో అరగంట నడక పెట్టుకున్నాం. తిండిలో రెండే మార్పులు చేశాం. మొదటిది, రోజుకు సుమారు 45 గ్రాములుగా ఉన్న ప్రోటీన్‌ను గుడ్లు, పెరుగు, పప్పు, వారానికి మూడుసార్లు చికెన్‌తో 85 గ్రాముల దాకా తీసుకురావడం. రెండోది, రాత్రి అన్నం పరిమాణాన్ని మూడో వంతు తగ్గించడం. కొవ్వు నెమ్మదిగా తగ్గుతూ కండ నిలబడాలి, వీలైతే కొంత పెరగాలి అన్నది మా లక్ష్యం. అలా జరిగినప్పుడు తూకంలో పెద్ద మార్పు కనిపించదని ఆమెకు మొదటి రోజే చెప్పాను. అయితే మాటగా వినడానికీ, ప్రతి ఉదయం మిషన్ మీద అదే అంకె చూడడానికీ చాలా తేడా ఉంటుంది.

తూకంతో వచ్చిన చిక్కు

ఆమె ఇంట్లో రోజూ బరువు చూసుకునేవారు. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తింటే సోమవారం ఉదయం కిలో పైన ఎక్కువ చూపించేది. ఆవకాయ, పెరుగన్నంతో రాత్రి భోజనం చేసిన మర్నాడు కూడా అంతే. ఆ ఒక్క పూటలో కిలో కొవ్వు పేరుకోవడం సాధ్యం కాదు. ఉప్పు ఎక్కువైతే శరీరం నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఎక్కువ తిన్నప్పుడు కండల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు నిల్వ పెరుగుతుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. నెలసరికి ముందు రోజుల్లో ఆమె బరువు ఇంకో కిలో పెరిగేది. కొత్తగా బరువులు ఎత్తడం మొదలుపెట్టిన వాళ్లకు కండల వాపు వల్ల కూడా కొన్ని వారాల పాటు కొంత నీరు నిలుస్తుంది. ఇన్ని నీటి మార్పుల మధ్య వారానికి రెండు వందల గ్రాముల కొవ్వు తగ్గుదల రోజువారీ తూకంలో కనిపించే అవకాశమే లేదు.

మొదట చేసిన ప్రయత్నాలు, వాటి లోపాలు

తొలి రెండు వారాల్లో మేం తీసుకున్న కొలతల్లో చాలావరకు పనికి రాలేదు. అవి ఎందుకు పనికిరాలేదో తెలుసుకోవడం వల్లే తరువాతి పద్ధతి కుదిరింది.

జిమ్‌లో పాదాల కింద, చేతుల్లో లోహపు పలకలు ఉండే బాడీ కంపోజిషన్ మిషన్ మీద ఆమెను నిలబెట్టాను. ఉదయం కొవ్వు శాతం 38.2 అని వచ్చింది. అదే రోజు సాయంత్రం వ్యాయామం తరువాత, నీళ్లు తాగాక 36.4 అని వచ్చింది. ఈ మిషన్ కొవ్వును నేరుగా కొలవదు. శరీరం గుండా స్వల్పమైన విద్యుత్తును పంపి, దానికి ఎదురయ్యే నిరోధం నుంచి శరీరంలోని నీటిని, దాని ద్వారా కొవ్వును అంచనా వేస్తుంది. కాబట్టి తూకాన్ని కదిలించే నీరే దీన్నీ కదిలిస్తుంది. ఒక రోజులోనే దాదాపు రెండు శాతం తేడా చూపించే సాధనంతో నెలకు ఒక శాతం మార్పును పట్టుకోలేం కనుక దాన్ని పక్కన పెట్టాం.

టేపు విషయంలో తప్పు వేరే రకంగా జరిగింది. ఆమె ఇంట్లో సల్వార్ నాడా కట్టే చోట కొలుచుకుంటున్నారు, నేను దానికి పైన కొలిచాను. రెండింటికీ నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చింది. పైగా ఆమె దగ్గర ఉన్నది ఏళ్ల తరబడి వాడిన దర్జీ టేపు. స్టీలు స్కేలు పక్కన పెట్టి చూస్తే అది సాగిపోయి ఉంది. సాగిన టేపు మీద అంకెల మధ్య దూరం పెరిగిపోతుంది కాబట్టి అది నడుమును అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

తొలి ఫొటోలు జిమ్ అద్దం ముందు, నెత్తి మీద దీపం కింద తీశాం. పైనుంచి పడే వెలుగు భుజాల మీద, పొట్ట మీద నీడలు గీసి, లేని కండను ఉన్నట్టు చూపిస్తుంది. మొదటి ఫొటోలో ఆమె తెలియకుండానే పొట్ట లోపలికి బిగబట్టారు. రెండో వారంలో మామూలుగా నిలబడితే పొట్ట పెరిగినట్టు కనిపించింది. ఆ ఫొటోలు కూడా తీసేశాం.

కుదిరిన పద్ధతి

జూన్ మూడో వారంలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. నెలకు ఒక్కసారే పూర్తి కొలతలు తీసుకోవాలని, అది నెలసరి మొదలైన ఆరో రోజు నుంచి పదో రోజు లోపల ఉండాలని నిర్ణయించుకున్నాం. ఆమె నెలసరి క్రమంగా వస్తుంది కాబట్టి ఇది సాధ్యమైంది. ఇలా చేస్తే ప్రతి కొలత శరీరంలో నీటి స్థితి దాదాపు ఒకేలా ఉన్న రోజున పడుతుంది. సమయం ఉదయం, మలమూత్ర విసర్జన తరువాత, టిఫిన్‌కు ముందు.

నడుమును కింది పక్కటెముక చివరికీ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో కొలిచాను. వేలితో ఎముకలను తడిమి పెన్నుతో చిన్న గుర్తు పెట్టి, మామూలుగా శ్వాస వదిలిన క్షణంలో, టేపు నేలకు సమాంతరంగా ఉందని వెనక నుంచి కూడా చూసి అంకె తీసుకునేదాన్ని. రెండుసార్లు కొలిచి, అర సెంటీమీటరు కంటే తేడా వస్తే మూడోసారి కొలిచి మధ్య అంకె రాసుకున్నాం. తొడను మోకాలి చిప్ప పైఅంచు నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో, చేతిని భుజం ఎముక చివరికీ మోచేతికీ మధ్యలో కొలిచాను. రెండూ ఎప్పుడూ కుడి వైపే. ఇంకో పని కూడా చేశాను. మొదటి వారంలో వరుసగా మూడు రోజులు నడుమును కొలిచి, ఏ మార్పూ ఉండకూడని ఆ మూడు రోజుల్లో అంకె ఎంత కదిలిందో చూశాను. సుమారు ఒక సెంటీమీటరు కదిలింది. కాబట్టి ఒక సెంటీమీటరు లోపు మార్పును వార్తగా తీసుకోకూడదని ముందే రాసి పెట్టుకున్నాం.

ఫొటోలు ఆమె ఇంట్లోనే, ఆమె ఫోనులోనే ఉండాలని నేనే పట్టుబట్టాను. శిక్షకుల ఫోన్లలో అలాంటి ఫొటోలు ఉండడం మంచిది కాదు. ఫోనును స్టాండు మీద బొడ్డు ఎత్తులో, రెండున్నర మీటర్ల దూరంలో పెట్టి, పక్క కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఒకే దుస్తుల్లో, ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి మూడు ఫొటోలు తీయాలి. తీసే ముందు ఒకసారి శ్వాస వదిలి పొట్టను వదులుగా ఉంచాలి. నేల మీద టేపు ముక్క అంటించి పాదాల చోటు గుర్తు పెట్టుకున్నారు. ఈ మూడింటిలో నాకు ఎక్కువ ఉపయోగపడింది పక్క నుంచి తీసినది.

బలానికి నేల మీది బరువును ఎత్తి నిటారుగా నిలబడే డెడ్‌లిఫ్ట్, ఛాతీ దగ్గర బరువు పట్టుకుని గుంజీలు తీసే గాబ్లెట్ స్క్వాట్, తల పైనున్న కడ్డీని కిందికి లాగే లాట్ పుల్‌డౌన్ అనే మూడు కదలికలు ఎంచుకున్నాం. ఆగకుండా ఎన్నిసార్లు ఎత్తితే అన్ని రెప్స్, ఆ వరుస మొత్తం ఒక సెట్. ఇంకా ఒకటి రెండు రెప్స్ చేయగల స్థితిలో ఆపిన ఆఖరి సెట్‌ను రాసుకుని, దాని నుంచి ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువును ఈ సూత్రంతో అంచనా వేశాం:

```
1RM = w × (1 + r / 30)
```

ఇక్కడ `w` ఎత్తిన బరువు, `r` చేసిన రెప్స్. ఒకరోజు 40 కిలోలతో ఎనిమిది, ఇంకోరోజు 42.5 కిలోలతో ఆరు చేస్తే ఏది మెరుగో చూడగానే తెలియదు, ఈ లెక్క రెండింటినీ ఒకే గీత మీదికి తెస్తుంది. పది రెప్స్ దాటితే అంచనా వదులైపోతుంది కాబట్టి పదికి మించనివ్వలేదు. సెప్టెంబరులో జిమ్‌లో పుల్‌డౌన్ మిషన్ మార్చారు. కప్పీల అమరిక వేరు కావడంతో ఆమె అంకె ఒక్క రోజులో అయిదు కిలోలు పెరిగింది. దాన్ని ప్రగతిగా లెక్కించకుండా ఆ రోజు నుంచి కొత్త గీత మొదలుపెట్టాం.

తూకాన్ని పూర్తిగా మానిపించలేదు. రోజూ చూసుకోవచ్చు, కానీ ఏడు రోజుల సగటునే మాట్లాడుకోవాలి అన్నది మా ఒప్పందం.

మొదటి విరుద్ధ సందర్భం: జూలై

జూన్‌లో ఆధార కొలతలు ఇవి: సగటు బరువు 71.4 కిలోలు, నడుము 93.5, తొడ 58.0, చేయి 31.5 సెంటీమీటర్లు. డెడ్‌లిఫ్ట్ 30 కిలోలతో ఎనిమిది, అంటే అంచనా 38 కిలోలు.

జూలై మధ్యలో, బోనాల హడావిడిలో, రెండో విడత కొలతలు తీశాం. బరువు 71.9, అంటే అర కిలో పెరిగింది. నడుము 92.5. డెడ్‌లిఫ్ట్ 40 కిలోలతో ఎనిమిది, అంచనా 51 కిలోలు. ఆమె చాలా బాధపడ్డారు. "మేడమ్, ఇంత కష్టపడితే బరువు పెరిగింది. అన్నం పూర్తిగా మానేస్తాను" అన్నారు.

ఇలాంటప్పుడు చాలామంది శిక్షకులు బలం పెరిగింది కాబట్టి కండ పెరిగిందని, అందుకే బరువు పెరిగిందని చెప్పేస్తారు. ఆ మాట వినడానికి ఊరటగా ఉంటుంది కానీ నేను అనలేదు. కొత్తవాళ్లలో తొలి వారాల్లో పెరిగే బలంలో పెద్ద వంతు నాడీ వ్యవస్థ నేర్చుకున్న నైపుణ్యం. ఉన్న కండనే శరీరం మరింత సమర్థంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కాబట్టి 38 నుంచి 51 అయిందంటే కండ పెరిగిందని రుజువు కాదు. నడుములో ఒక సెంటీమీటరు తగ్గుదల మేం ముందే రాసుకున్న తప్పు హద్దు మీదే ఉంది. తొడ, చేయి కదలలేదు. నిజాయితీగా చెప్పగలిగింది ఒక్కటే: ఏమీ చెడిపోలేదు, తీర్పు చెప్పడానికి ఇంకా సమయం చాలలేదు.

అందువల్ల తిండిని గానీ వ్యాయామాన్ని గానీ మార్చకుండా ఇంకో నెల సాగించాలని నిర్ణయించాం. అప్పుడే తిండి తగ్గించి ఉంటే తరువాతి మార్పు దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలిసేది కాదు. ఆగస్టులో నడుము 91.0, సెప్టెంబరులో 89.5. ఒకే దిశలో వరుసగా మూడు అంకెలు, జూన్ నుంచి మొత్తం నాలుగు సెంటీమీటర్లు. అది ఇక కొలత లోపం అయ్యే వీలు లేదు. బరువు సెప్టెంబరులో 70.8. జూన్, సెప్టెంబరు పక్క ఫొటోలను తేదీలు కనిపించకుండా ఆమె చెల్లెలికి చూపించి ఏది ముందుదని అడగమన్నాను. చెల్లెలు వెంటనే సరిగ్గా చెప్పారు. తేదీ తెలిసిన కళ్లు తాము కోరుకున్నదే చూస్తాయి కాబట్టి ఫొటోలకు ఈ పరీక్ష తప్పనిసరి అని నేను నమ్ముతాను.

రెండో విరుద్ధ సందర్భం: నవంబరు

దసరా, బతుకమ్మ రోజులు గడిచాక అక్టోబరు కొలతల్లో బరువు 71.0కి వెళ్లింది, నడుము మాత్రం 88.5కి తగ్గింది. డెడ్‌లిఫ్ట్ 55 కిలోలతో ఎనిమిది, అంచనా 70. నా లెక్కలో ఇది మంచి నెల. కానీ నవంబరు చివర దగ్గరి బంధువుల పెళ్లి ఉంది. నాలుగు నెలలు కష్టపడ్డా అదే 71 అన్న బాధతో ఆమె నాకు చెప్పకుండా రాత్రి భోజనం మానేసి, రోజూ గంటసేపు ట్రెడ్‌మిల్ మొదలుపెట్టారు.

నవంబరు మధ్యలో కొలతలకు వచ్చినప్పుడు ఎంతో సంతోషంగా ఉన్నారు. బరువు 67.6. నాలుగు వారాల్లో 3.4 కిలోలు. నడుము 87.5, అంటే ఒక సెంటీమీటరే తగ్గింది. తొడ 58.0 నుంచి 56.2కి, చేయి 31.5 నుంచి 30.3కి తగ్గాయి. డెడ్‌లిఫ్ట్ 50 కిలోలతో ఆరుతో ఆగిపోయింది, అంచనా 70 నుంచి 60కి పడింది. మిగతా రెండు కదలికలూ తగ్గాయి. అక్టోబరు, నవంబరు ఫొటోలలో ఏది ముందుదో ఈసారి చెల్లెలు చెప్పలేకపోయారు.

అంతకు ముందు నాలుగు నెలల్లో అర కిలో కూడా తగ్గకుండా నడుము అయిదు సెంటీమీటర్లు తగ్గింది. ఇప్పుడు మూడు కిలోల పైన తగ్గితే నడుము ఒక్క సెంటీమీటరు కదిలింది, తొడ, చేయి మాత్రం మొదటిసారి పడిపోయాయి. నేను ఆమెతో, తగ్గిన దాంట్లో ఎక్కువ భాగం కండేనని చెప్పాను. ఆ రాత్రి పుస్తకం మళ్లీ చూసుకుంటే, అంత గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదని అర్థమైంది. సరిగ్గా తినకుండా, రోజూ గంట నడిచి, అలసిన శరీరం తక్కువ బరువే ఎత్తుతుంది, కండ తగ్గకపోయినా. గ్లైకోజెన్, దానితో ఉండే నీరు ఖాళీ అయితే తొడ, చేయి చుట్టుకొలతలూ తగ్గుతాయి. టేపుకు కండ, కొవ్వు, నీరు వేరువేరుగా తెలియవు.

ఈ రెండు కారణాలను విడదీయడానికి ఒక మార్గం ఉంది. అలసట, గ్లైకోజెన్ లోటు అయితే కొద్ది రోజుల తిండి, విశ్రాంతితో తిరిగి వస్తాయి. పోయిన కండ పది రోజుల్లో తిరిగి రాదు. మర్నాడు ఆమెకు ఫోను చేసి, నిన్న నేను చెప్పింది తొందరపాటు మాట అని ఒప్పుకుని, పది రోజులు పాత తిండికి వెళ్దామని, వ్యాయామపు సెట్లను సగానికి తగ్గిద్దామని, ట్రెడ్‌మిల్ ఆపుదామని అడిగాను. పెళ్లి దగ్గర పడిందని ఆమె మొదట వెనకాడారు. బ్లౌజు కొలత నడుమును, చేతులను బట్టి ఉంటుంది కానీ తూకాన్ని బట్టి కాదన్న మాటతో ఒప్పుకున్నారు.

పది రోజుల తరువాత బరువు 69.0కి పెరిగింది. నడుము 87.5 దగ్గరే ఉంది. తొడ 57.2, చేయి 31.0. డెడ్‌లిఫ్ట్ 55 కిలోలతో ఏడు, అంచనా 68. అంటే పడిపోయిన బలంలో అయిదింట నాలుగు వంతులు తిరిగి వచ్చింది, చుట్టుకొలతలూ సగం పైగా తిరిగి వచ్చాయి. నవంబరులో కనిపించిన పతనంలో ఎక్కువ భాగం అలసట, నీరు, గ్లైకోజెన్‌ల వల్లనే. మిగిలిన కొంత కొవ్వు కావచ్చు, కొంత కండ కావచ్చు. మా దగ్గర ఉన్న సాధనాలతో ఆ కొంతను విడదీయలేం. ఎక్స్‌రేలతో కొవ్వును, మిగతా కణజాలాన్ని వేరుగా అంచనా వేసే డెక్సా స్కాన్ చేయించి ఉంటే మరికొంత స్పష్టత వచ్చేది, కానీ ఒక నిర్ణయం మార్చడానికి ఆ ఖర్చు అవసరం లేదని ఇద్దరం అనుకున్నాం. ఎలాగైనా చేయవలసిన మార్పు ఒకటే: రాత్రి భోజనం తిరిగి తెచ్చుకోవడం, నడకను అరగంటకు తగ్గించడం.

ఈ కేసు తరువాత నా పద్ధతిలో మారింది ఇదే. నడుము తగ్గుతూ బలం నిలబడితే, తూకం ఏం చెప్పినా ప్రణాళికను ముట్టుకోను. తూకం వేగంగా తగ్గుతూ బలం రెండు మూడు కదలికల్లో ఒకేసారి పడితే, ఎవరినీ అభినందించను, భయపెట్టను. ముందు వారం పది రోజులు తిండి, విశ్రాంతి ఇచ్చి మళ్లీ కొలుస్తాను. ఒక్క కదలికే పడితే నిద్రనో, ఆ కీలులో నొప్పినో, మిషన్ మారిందో చూస్తాను.

ప్రస్తుత స్థితి

సంక్రాంతికి ముందు తీసిన ఆఖరి కొలతల్లో సగటు బరువు 68.2 కిలోలు, నడుము 85.0, తొడ 57.5, చేయి 31.3, డెడ్‌లిఫ్ట్ 65 కిలోలతో ఎనిమిది, అంచనా 82. ఏడు నెలల్లో తూకం మీద తగ్గింది 3.2 కిలోలే, నడుము తగ్గింది 8.5 సెంటీమీటర్లు. భారతీయ మహిళలకు ఆరోగ్య హద్దుగా వాడే 80 సెంటీమీటర్లకు ఇంకా అయిదు మిగిలి ఉన్నాయి. చక్కెర సంగతి టేపుతో తేలేది కాదు, అది రక్తపరీక్షతో డాక్టరు చూడవలసింది, దానికి ఫిబ్రవరిలో ఆమె వెళ్తున్నారు.

తరువాతి రెండు కొలతల్లో నడుము కలిపి ఒకటిన్నర సెంటీమీటర్లయినా తగ్గకపోతే మధ్యాహ్నం అన్నం పావు వంతు తగ్గించాలని, తగ్గితే ఏమీ మార్చకూడదని పుస్తకంలో రాసుకుని ఇద్దరం సంతకం చేశాం. తదుపరి కొలత ఫిబ్రవరి మొదటి వారంలో.